‘వస్తాను’ అంటే వెళ్తున్నానని యంత్రానికి ఎవరు చెప్పాలి?

ఇంటికొచ్చిన చుట్టం కాఫీ గ్లాసు కింద పెట్టి, లేచి నిలబడి, ‘ఇక వస్తానండీ’ అంటాడు. ఇప్పుడేగా వచ్చారు, మళ్లీ వచ్చేదేమిటని ఆ ఇంట్లో ఎవరూ అడగరు. ‘మంచిదండీ, వెళ్లిరండి’ అని గుమ్మం దాకా సాగనంపుతారు. వస్తానన్న మనిషి వెళ్తున్నాడని మూడేళ్ల పిల్లకు కూడా తెలుసు. అందుకే టాటా చెబుతుంది.

అదే మాటను అనువాద యాప్‌లో పెడితే ‘ఐ విల్ కమ్ నౌ’ లాంటిది వచ్చే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. వెళ్లే మనిషిని యంత్రం వచ్చే మనిషిగా మార్చేస్తుంది. దీన్ని చిన్న పొరపాటు అని నవ్వి వదిలేయడం నాకు నచ్చదు. యంత్రానువాదం ఎలా తయారవుతోందో, మన భాషల మధ్య దాని దారి ఎటు తప్పుతోందో ఈ ఒక్క మాట చెప్పేస్తుంది.

పలకరింపును తప్పుగా చదివితే ఏమవుతుందో 2017 అక్టోబరులో లోకం చూసింది. వెస్ట్ బ్యాంక్‌లో పనిచేసే ఒక పాలస్తీనా కార్మికుడు బుల్డోజర్ పక్కన నిలబడి దిగిన ఫొటోను ఫేస్‌బుక్‌లో పెట్టి, అరబిక్‌లో ఒకే ఒక్క మాట రాశాడు. అక్కడి వాడుకలో అది పొద్దుటి పలకరింపు. ఫేస్‌బుక్ అనువాదం దాన్ని హీబ్రూలో ‘వాళ్లపై దాడి చేయండి’ అని, ఇంగ్లీషులో ‘వాళ్లను గాయపరచండి’ అని చూపించింది. అరబిక్‌లో ఆ మాటలో ఒక్క అక్షరం మారితే ‘నరకడం’ అనే అర్థం వస్తుంది. ఇజ్రాయెల్ పోలీసులు అతన్ని అరెస్టు చేశారు. అరబిక్ తెలిసిన అధికారి ఒక్కరు కూడా అంతకుముందు ఆ పోస్టు చదవలేదు. కొన్ని గంటల తర్వాత పొరపాటు గ్రహించి వదిలేశారు, ఫేస్‌బుక్ క్షమాపణ చెప్పింది. ఇదంతా ఒక్క అక్షరం తేడా తెచ్చిన తప్పని చాలామంది చెప్పుకున్నారు. నా దృష్టిలో అసలు లోపం వేరే ఉంది. ఫొటో, పొద్దుటి వేళ, అతను రోజూ పనిచేసే చోటు, ఇవన్నీ ఆ మాటకు అర్థం ఇస్తున్నాయి. అనువదించిన యంత్రం చేతికి మాత్రం ఆ ఒక్క మాటే అందింది.

మన ‘వస్తాను’ సంగతి కూడా అంతే. యంత్రానికి నిఘంటువు ఉండదు. ఒక భాషలోని వాక్యం, మరో భాషలో దానికి సరిపోయే వాక్యం, ఇలాంటి జతలు లక్షల్లో చూసి, ఏ మాట దగ్గర ఏ మాట ఎక్కువగా వస్తుందో అది నేర్చుకుంటుంది. తెలుగుకు ఆ జతలు ఎక్కడ దొరుకుతాయి? ప్రభుత్వ పత్రికా ప్రకటనల్లో, ‘మన్ కీ బాత్’ ప్రసంగాల్లో, వార్తా సైట్లలో, బైబిల్‌లో, సాఫ్ట్‌వేర్ మెనూల్లో. వీటిలో ‘వస్తాను’ అనే మాట ఉంటే నిజంగా రావడం గురించే ఉంటుంది. పత్రికా ప్రకటనలో ఎవరూ చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడరు. ప్రసంగంలో ‘దేశ ప్రజలారా, నమస్కారం’ ఉంటుంది గానీ ‘ఏం వదినా, వంటయిందా?’ ఉండదు. మన పలకరింపులు ఎక్కువగా నోటితో పుట్టి నోటితోనే పోయేవి. కాగితం మీదికి రానిదాన్ని యంత్రం ఎక్కడ నేర్చుకుంటుంది? తెలంగాణలో ‘పోయొస్త’ అనే మాటకైతే ఆ కొద్దిపాటి చోటు కూడా దొరకదు.

ఇంతవరకు చాలామంది చెప్పేదే. నన్ను నిజంగా కలవరపెట్టేది దీని తర్వాతి మెట్టు.

తెలుగు మాటను తమిళంలోకి మార్చాలనుకుందాం. తమిళులు కూడా సెలవు తీసుకునేటప్పుడు ‘వరేన్’ అంటారు, లేదా ‘పోయిట్టు వరేన్’ అంటారు. మొదటిది అచ్చంగా మన ‘వస్తాను’, రెండోది మన ‘వెళ్లొస్తాను’. ఉత్త ‘పోరేన్’ అనడం అక్కడ అశుభం. మన పెద్దవాళ్లు కూడా ‘వెళ్తాను అనకూడదు, వెళ్లొస్తాను అనాలి’ అని పిల్లలను దిద్దుతారు కదా. అంటే రెండు భాషల్లో మాట ఒకటే, వెనక ఉన్న నమ్మకం ఒకటే, అనే సమయం కూడా ఒకటే. మధ్యలో ఎవరూ లేకపోతే ఇంతకన్నా తేలికైన అనువాదం ఉండదు.

ఇప్పుడు, యంత్రాలు చాలాసార్లు చేసేట్టు, మధ్యలో ఇంగ్లీషును కూర్చోబెట్టి చూడండి. యంత్రం తప్పు చేస్తే ‘ఇక వస్తాను అత్తయ్యా’ అన్నది ‘ఐ విల్ కమ్ నౌ, ఆంటీ’ అవుతుంది. అందులోంచి తమిళంలోకి ‘ఇప్పుడు నేను వస్తున్నాను’ అనే పుస్తకాల వాక్యం దిగుతుంది. అత్తయ్య వాకిలి తెరిచి ఎదురుచూస్తుంది. సరే, యంత్రం తెలివైనదే, తప్పు చేయలేదనుకుందాం. ‘ఐ యామ్ లీవింగ్ నౌ’ అని చక్కటి ఇంగ్లీషులో పెట్టింది. ఆ వాక్యానికి ఇంగ్లీషు పరీక్షలో పూర్తి మార్కులు వేయొచ్చు. కానీ దాన్నుంచి తమిళంలోకి దిగేది ‘ఇప్పుడు నేను పోతున్నాను’ అన్న మాట. అంటే గడప దగ్గర ఏ మాట అనకూడదో సరిగ్గా ఆ మాటే! మొదటి మెట్టు మీద తప్పు లేదు, రెండో మెట్టు మీదా తప్పు లేదు. కిందికి దిగి చూస్తే మాత్రం ఇంటి పెద్దలు ముఖం చిట్లించే వాక్యం మిగిలింది. ఇంగ్లీషుకు ఈ ఆచారం లేదు. లేనిదాన్ని అది మోసుకెళ్లలేదు, అందుకే దారిలో జారిపోయింది.

మరాఠీ ఇంకా గట్టి సాక్ష్యం. మరాఠీ మాట్లాడే మగవాడు వెళ్తూ ‘యేతో’ అంటాడు, ఆడమనిషి ‘యేతే’ అంటుంది. రెండింటికీ అర్థం ‘వస్తాను’ అనే. బెంగాలీలు కూడా సెలవు తీసుకుంటూ ‘ఆశి’ అంటారు, అదీ రావడమే. మరాఠీ మాట ఇంగ్లీషులోకి వెళ్లగానే అన్నది మగవాడా, ఆడమనిషా అన్నది చెరిగిపోతుంది. మళ్లీ ఏ హిందీలోకో దింపాలంటే యంత్రం ఊహించాల్సిందే. అలాగే తెలుగు ‘నువ్వు’, ‘మీరు’ రెండూ ఇంగ్లీషులో ఒకటే అవుతాయి. అక్కడి నుంచి కన్నడంలోకి వెళ్లేటప్పుడు ‘నీను’ అనాలా ‘నీవు’ అనాలా అని యంత్రం అంచనా వేసుకుంటుంది. మూల వాక్యంలో స్పష్టంగా ఉన్న గౌరవాన్ని మధ్యలో పారేసి, చివర్లో చీకట్లో వెతుక్కోవడమే ఇది.

ఇది నా ఊహ కాదు. భారతీయ భాషల కోసం 2021లో వచ్చిన పెద్ద వాక్యాల నిధి ‘సమానాంతర్’. అందులో ఇంగ్లీషుకూ 11 భారతీయ భాషలకూ మధ్య 4.97 కోట్ల వాక్య జతలున్నాయి. భారతీయ భాషల మధ్య కూడా 8.34 కోట్ల జతలు తయారుచేశారు. ఎలా చేశారు? ఒకే ఇంగ్లీషు వాక్యానికి తెలుగులోనూ తమిళంలోనూ జత దొరికితే, ఆ రెండింటినీ కలిపేశారు. తెలుగు మనిషీ తమిళ మనిషీ ఎదురెదురుగా మాట్లాడుకున్నది ఆ లెక్కలో లేదు. ఆ పని చేసినవాళ్లను నేను తప్పుబట్టడం లేదు. దొరికినదాంతో వాళ్లు గొప్ప పని చేశారు, దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చారు. కానీ ఇంగ్లీషులో లేని పలకరింపు ఈ పద్ధతిలో ఎప్పటికీ దొరకదు.

పరీక్షలు కూడా ఈ లోపాన్ని దాచేస్తాయి. అనువాద యంత్రాలను పోల్చడానికి లోకమంతా వాడే ‘ఫ్లోరెస్’ పరీక్షలో 3,001 వాక్యాలున్నాయి. అవి వికీన్యూస్, వికీజూనియర్, వికీవాయేజ్‌ల నుంచి తీసుకున్నవి. ఒక్కో వాక్యం సగటున 21 పదాలు. వార్తలు, పిల్లల పాఠాలు, పర్యాటక సమాచారం! ‘తిన్నారా?’ అని అడిగేవాళ్లు అక్కడ ఎవరుంటారు? అందులో మంచి స్కోరు తెచ్చుకున్న యంత్రం గుమ్మం దగ్గర తడబడితే ఆశ్చర్యం లేదు. 2023లో వచ్చిన ‘ఐఎన్22’ పరీక్షలో సంభాషణల కోసం విడిగా 1,503 వాక్యాలు పెట్టారు. ఇది మంచి అడుగు, ఇలాంటివి ఇంకా కావాలి.

‘ఇదంతా పాత కథ, కొత్త పెద్ద మోడళ్లు మొత్తం సంభాషణ చదివి అర్థం చేసుకుంటున్నాయి’ అని కొందరంటారు. కొంత నిజమే. ముందు పది వాక్యాలు ఇస్తే ‘వస్తాను’ను వీడ్కోలుగా పట్టుకునే అవకాశం బాగా పెరుగుతుంది. కానీ వాట్సాప్‌లో మనం పది వాక్యాలు రాసి పలకరించం, ఒక్క మాట రాస్తాం. ఆ మాట రాసింది అల్లుడా, అప్పు వసూలుకొచ్చినవాడా, ఇల్లు దాటాడా, ఇంకా లోపలే ఉన్నాడా అన్నది రాతలో ఉండదు. రాతలో లేనిదాన్ని ఎంత పెద్ద మోడల్ అయినా ఊహించాల్సిందే. ఆ ఊహ మనకు సరైన వాక్యంలా కనబడుతుంది కాబట్టి అనుమానం కూడా రాదు.

దారి లేదా అంటే ఉంది. 2016లోనే ఎడిన్‌బరో పరిశోధకులు ఇంగ్లీషు నుంచి జర్మన్‌లోకి అనువదించేటప్పుడు వాక్యానికి చిన్న గుర్తు తగిలించి, ‘నువ్వు’ కావాలా ‘మీరు’ కావాలా అన్నది యంత్రానికి ముందే చెప్పొచ్చని చూపించారు. ఎవరు, ఎవరితో, వస్తూనా వెళ్తూనా, ఈ మూడు గుర్తులు మన పలకరింపులకు తగిలిస్తే సగం తప్పులు అక్కడే ఆగుతాయని నా నమ్మకం. యాప్ ఊహించడం మానేసి ‘ఎవరికి పంపుతున్నారు?’ అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

ఇక ఆ గుర్తులు పెట్టే మనుషులు ఎక్కడున్నారంటే, మన ఎల్లల మీదే ఉన్నారు. ఇక్కడే నా అసలు కోపం. చిత్తూరులో, హోసూరులో, బళ్లారిలో ఇంట్లో ఒక భాష, బజారులో ఇంకో భాష మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. వాళ్లకు ‘వస్తాను’ నుంచి ‘వరేన్’కు వెళ్లడానికి లండన్ మీదుగా ప్రయాణం అక్కర్లేదు. అయినా రాష్ట్ర ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు అనువాదం అనగానే ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనే అనుకుంటాయి. పక్క భాషలు తెలిసినవాళ్లను భాషా నిపుణులుగా లెక్కలోకి తీసుకోవు. భాషా సాంకేతికత పేరుతో పెట్టే డబ్బులో ఒక వాటా ఈ ఊళ్లకు వెళ్లాలి. హోసూరు కూరగాయల మార్కెట్‌లో ఒక నెల రోజులు, మాట్లాడేవాళ్ల అనుమతితో, ఎవరు ఎవరిని ఎలా పలకరించారో, ఎలా సాగనంపారో రెండు భాషల్లోనూ రాసుకోవాలి. పక్కనే ఒక గడిలో వాళ్ల వయసు, వరస, ఆ మనిషి వస్తున్నాడా వెళ్తున్నాడా అన్నది కూడా నమోదు చేయాలి. పలకరింపుకు పది రూపాయలిచ్చినా ఆ గడులు నింపడానికి అక్కడ మనుషులు దొరుకుతారు.