రొటేషన్ల లెక్కతో రెడ్-బ్లాక్ ట్రీ అర్థం కాదు

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటికి ఆదివారం ఉదయాలు నలుగురైదుగురు తెలుగు కుర్రాళ్లు వస్తారు. కడప నుంచి, ఒంగోలు నుంచి వచ్చి ఇక్కడి పీజీల్లో ఉంటూ ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్నవాళ్లు. ఏవీఎల్ ట్రీ ఉండగా రెడ్-బ్లాక్ ట్రీ ఎందుకని అడిగితే అందరూ ఒకే జవాబు చెబుతారు: "అన్నా, ఏవీఎల్‌లో కొత్త విలువ చేర్చినప్పుడల్లా రొటేషన్లు ఎక్కువ, రెడ్-బ్లాక్‌లో తక్కువ." ఈ మాట ఎన్ని నోట్సుల్లో ఉన్నా సరైన పోలిక కాదు. రెండూ ఒక పక్కకు మరీ ఒరిగిపోకుండా తమను తాము సరిచేసుకునే బైనరీ సెర్చ్ ట్రీలే; విలువల వరస చెడకుండా ఒక నోడ్‌ను కిందికి దించి దాని బిడ్డను పైకి తేవడమే రొటేషన్. చేర్పు వరకే చూస్తే రెండు చెట్లలోనూ ఒక్కో చేర్పుకు అయ్యే రొటేషన్లు గరిష్ఠంగా రెండే. అసలు తేడా ఎక్కడుందో తెలియాలంటే రంగుల నియమాలు ఏ పని కోసం పెట్టినవో ముందు చూడాలి.

రెడ్-బ్లాక్ ట్రీలో ప్రతి నోడ్‌కూ ఎరుపో నలుపో ఒక రంగు ఉంటుంది. రూట్ నలుపు. పిల్లలు లేనిచోట ఉండే ఖాళీ కొసలను కూడా నలుపుగానే లెక్కిస్తాం. ఇవి ఏర్పాట్లు మాత్రమే. బరువు మోసే నియమాలు రెండు. మొదటిది, ఎర్ర నోడ్‌కు ఎర్ర బిడ్డ ఉండకూడదు. రెండోది, ఏ నోడ్ నుంచి బయలుదేరి కిందనున్న ఏ ఖాళీ కొసకు దిగినా దారిలో తగిలే నల్ల నోడ్‌ల సంఖ్య ఒక్కటే కావాలి. ఈ రెండూ కలిస్తే ఎత్తుకు హద్దు దానంతటదే వస్తుంది: అతి పొట్టి దారిలో అన్నీ నల్లనివే ఉండవచ్చు, అతి పొడవు దారిలో నలుపు తర్వాత ఎరుపు, ఎరుపు తర్వాత నలుపు వస్తాయి, కాబట్టి పొడవు దారి పొట్టి దారికి రెట్టింపును మించలేదు.

ఈ రెండు నియమాల స్వభావం ఒకటి కాదు. ఎరుపు నియమం తప్పిందో లేదో తండ్రినీ బిడ్డనూ చూస్తే చాలు, తెలిసిపోతుంది. నలుపుల లెక్క తప్పిందో లేదో తెలియాలంటే చెట్టంతా తిరగాలి. అందుకే కొత్త నోడ్‌ను ఎప్పుడూ ఎరుపుగానే చేరుస్తాం. నలుపుగా చేరిస్తే ఆ ఒక్క దారిలో లెక్క ఒకటి పెరిగి, మిగిలిన దారులన్నిటితోనూ పొంతన పోతుంది. ఎరుపుగా చేరిస్తే లెక్క చెక్కుచెదరదు; తప్పితే గిప్పితే కొత్త నోడ్‌కూ దాని తండ్రికీ మధ్యనున్న ఒక్క గీత దగ్గరే తప్పుతుంది. చిన్న నియమాన్ని తెలిసి తప్పి పెద్ద నియమాన్ని కాపాడుకోవడం, ఆ తర్వాత వేసే ప్రతి అడుగులోనూ పెద్ద నియమం చెడకుండా చూసుకోవడం: చేర్పు మరమ్మతు అంతా ఇదే.

తండ్రి నలుపైతే మరమ్మతు అవసరమే లేదు. తండ్రి ఎరుపైతే తాత తప్పక నలుపే అయి ఉంటుంది, ఎందుకంటే చేర్పుకు ముందు చెట్టు సరిగానే ఉంది. ఇక నిర్ణయమంతా తండ్రి తోబుట్టువు చేతిలో ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకాలు అంకుల్ అనే ఈ నోడ్‌ను మా ఇంట్లో బాబాయి అంటాం. వరస తేలికగా గుర్తుంటుంది.

బాబాయి కూడా ఎరుపైతే తాత తన నలుపును ఇద్దరు పిల్లలకూ ఇచ్చేసి తాను ఎరుపవుతుంది. తాత మీదుగా దిగే ప్రతి దారీ ఆ ఇద్దరిలో ఒకరి మీదుగానే పోవాలి కాబట్టి నలుపుల లెక్క మారదు. అయితే ఎర్రబడిన తాతకు పైన మరో ఎర్ర నోడ్ తగిలితే అదే తగాదా రెండు అంతస్తులు పైకి ఎక్కుతుంది. ఎక్కి ఎక్కి రూట్ దాకా వస్తే రూట్‌ను మళ్లీ నలుపు చేస్తాం. చెట్టు మొత్తానికి నలుపుల లెక్క పెరిగేది ఇక్కడొక్కచోటే, అదీ అన్ని దారులకూ సమానంగా.

బాబాయి నలుపైతే, అంటే నల్ల నోడైనా ఖాళీ కొసైనా, రొటేషన్ తప్పదు. తండ్రిని పైకి తెచ్చి నలుపు చేస్తాం, తాతను కిందికి దించి ఎరుపు చేస్తాం. ఆ చోటిలో ఇంతకుముందు పైన నలుపే ఉంది, ఇప్పుడూ నలుపే ఉంది. పై అంతస్తులకు కింద ఏం జరిగిందో తెలియవలసిన పని లేదు. మరమ్మతు అక్కడితో ఆగిపోతుంది. కొత్త నోడ్ లోపలి వైపు ఉంటే, అంటే తండ్రి ఒక పక్కకు, బిడ్డ రెండో పక్కకు వంకరగా ఉంటే, ముందు తండ్రి దగ్గర ఒక రొటేషన్ చేసి ముగ్గురినీ ఒకే గీతలోకి తెచ్చి, ఆ తర్వాత తాత దగ్గర తిప్పాలి. రెండు రొటేషన్ల గరిష్ఠం ఇక్కడి నుంచే వస్తుంది.

ఇప్పుడు 10 నుంచి 80 వరకు పదేసి చొప్పున ఎనిమిది సంఖ్యలను పెరిగే వరసలో రెండు చెట్లలోనూ చేర్చి చూద్దాం.

30 చేర్చగానే రెండు చెట్లూ ఒకేలా తిరుగుతాయి: 20 పైకి వస్తుంది, 10, 30 దాని పిల్లలవుతాయి. 40 చేర్చినప్పుడు రెడ్-బ్లాక్‌లో బాబాయి 10 ఎరుపు కాబట్టి రంగులు మాత్రమే మారతాయి. ఏవీఎల్‌లో ఆ పని కూడా లేదు. 50 దగ్గర రెండింటిలోనూ 30 చోట ఒక రొటేషన్ జరిగి 40 పైకి వస్తుంది.

60 దగ్గర దారులు వేరవుతాయి. ఏవీఎల్‌లో 20కి ఎడమ పక్క ఎత్తు ఒకటి, కుడి పక్క ఎత్తు మూడు అవుతుంది. రెండు పక్కల ఎత్తుల తేడా ఒకటి మించితే ఏవీఎల్ ఒప్పుకోదు, ఇక్కడ తేడా రెండు కాబట్టి అది వెంటనే 20 దగ్గర తిరిగి 40ను రూట్ చేస్తుంది. రెడ్-బ్లాక్‌లో మాత్రం 60కి బాబాయి అయిన 30 ఎరుపు. 30, 50 నలుపవుతాయి, 40 ఎరుపవుతుంది, దానిపైనున్న 20 నలుపు కాబట్టి పని అయిపోయింది. కుడి పక్క ఒరిగిన చెట్టు ఒరిగినట్టే ఉంటుంది. 70 చేర్చినప్పుడు రెండింటిలోనూ 50 దగ్గర ఒక్కో రొటేషన్. ఈ దశలో ఏవీఎల్ మూడు అంతస్తుల్లో ఏడు నోడ్‌లు నిండుగా సర్దుకుని ఉంటుంది. రెడ్-బ్లాక్‌కు అవే ఏడు నోడ్‌లకు నాలుగు అంతస్తులు పడతాయి.

ఇక 80. ఏవీఎల్ కదలదు. రెడ్-బ్లాక్‌లో 80కి తండ్రి 70 ఎరుపు, బాబాయి 50 ఎరుపు; ఆ రెండూ నలుపై 60 ఎరుపవుతుంది. 60కి పైన 40 కూడా ఎరుపే. తగాదా పైకెక్కింది. ఇక్కడ 60కి బాబాయి 10, అది నలుపు. కాబట్టి 20 దగ్గర రొటేషన్ జరిగి 40 రూట్‌గా నలుపవుతుంది, 20, 60 ఎర్ర పిల్లలవుతాయి.

పక్కపక్కన పెట్టి చూస్తే చెట్ల ఆకారం అచ్చంగా ఒక్కటే. రొటేషన్లు అక్కడా నాలుగే, ఇక్కడా నాలుగే. ఏవీఎల్ 60 దగ్గర చేసిన పనిని రెడ్-బ్లాక్ 80 దాకా వాయిదా వేసింది, అంతే. ప్రతి వరసకూ లెక్క ఇలాగే సమానంగా వస్తుందని అనను. కానీ "చేర్పులో ఏవీఎల్ ఎక్కువ తిరుగుతుంది" అనే మాటను సూత్రంలా చెప్పుకోవడం కుదరదని ఈ ఎనిమిది సంఖ్యలే చూపిస్తున్నాయి. రెడ్-బ్లాక్ ఇచ్చే సౌలభ్యం ఒరుగుదలను కొంతకాలం ఓర్చుకోవడంలో ఉంది. ఏ ఏవీఎల్ చెట్టుకైనా రంగులు వేసి రెడ్-బ్లాక్‌గా చూపించవచ్చు. 70 చేర్చిన తర్వాతి మన రెడ్-బ్లాక్ చెట్టును ఏవీఎల్ అని ఎవరూ అనలేరు.

ఆ ఓర్పుకు వెల ఎత్తు. పది లక్షల నోడ్‌లకు ఏవీఎల్ ఎత్తు ఎంత దురదృష్టం పట్టినా 28 అంతస్తులు దాటదు, రెడ్-బ్లాక్ 37 దాకా పోవచ్చు. పెరిగే వరసలో వచ్చే విలువలు, ఉదాహరణకు ఆర్డర్ నంబర్లు, సమయ ముద్రలు, రెడ్-బ్లాక్ కుడి అంచును పొడవుగా సాగదీస్తాయి; అదే వరస ఏవీఎల్‌ను దాదాపు నిండుగా ఉంచుతుంది. ఒకసారి కట్టి వేలసార్లు వెతికే పనికి నేనైతే ఏవీఎల్‌నే ఎంచుకుంటాను.

రెడ్-బ్లాక్ నిజంగా గెలిచేది తొలగింపులో. అక్కడ దానికి ఎప్పుడూ మూడు రొటేషన్లు మించవు. ఏవీఎల్‌లో ఒక్క తొలగింపు వల్ల రూట్ దాకా అంతస్తు అంతస్తుకూ తిప్పవలసి రావచ్చు. లినక్స్ కెర్నెల్ 2007లో 2.6.23 వెర్షన్‌తో తెచ్చిన షెడ్యూలర్, ప్రాసెసర్ కోసం ఎదురుచూసే పనులను రెడ్-బ్లాక్ ట్రీలో పెట్టింది. అక్కడ పనులు చేరడమూ వెళ్లిపోవడమూ ఎడతెగకుండా సాగుతాయి. చేర్పుల గురించి చెప్పే జవాబును తొలగింపుల గురించి చెబితే మా కుర్రాళ్ల మాట చాలావరకు నిజమవుతుంది.

ఓ ఆదివారం వాళ్లలో ఒకతను ఈ లెక్కను తేల్చుకోవడానికి రెడ్-బ్లాక్ చేర్పును సొంతంగా రాసుకొచ్చాడు. ఎనిమిది సంఖ్యలూ చేర్చి వరసలో ముద్రిస్తే సరిగానే వచ్చాయి. "అన్నా, పని చేస్తోంది" అన్నాడు. ఆ పరీక్షతో ఏమీ తేలదు. రొటేషన్ ఎక్కడ చేసినా విలువల వరస చెడదు. రంగులన్నీ తప్పయినా ముద్రణ సరిగానే ఉంటుంది, వెతుకులాట కూడా సరైన జవాబే ఇస్తుంది, చెట్టు పెద్దదయ్యాక నెమ్మదిస్తుంది, అంతే. చూడవలసింది నియమాలనే. అందుకు ఈ చిన్న ఫంక్షన్ చాలు. ఖాళీ నోడ్ ఇస్తే `is_red` అబద్ధం అని జవాబివ్వాలి, రూట్ నలుపో కాదో విడిగా చూసుకోవాలి.

```c
int bh(struct node *n) {
    if (!n) return 1;
    int l = bh(n->left), r = bh(n->right);
    if (l == 0 || l != r) return 0;
    if (n->red && (is_red(n->left) || is_red(n->right)))
        return 0;
    return l + (n->red ? 0 : 1);
}
```

ఇది నలుపుల లెక్కను తిరిగి ఇస్తుంది. ఏ నియమం తప్పినా సున్నా ఇస్తుంది. అతని ఎనిమిది సంఖ్యల చెట్టుకు ఇది కూడా సున్నా ఇవ్వలేదు. పెరిగే వరసలో ప్రతి కొత్త విలువా కుడి కొసకే చేరుతుంది, కాబట్టి వంకర సందర్భం ఒక్కసారీ ఎదురుకాదు. ఈసారి 10, 30, 20 చేర్చమన్నాను. 20 వెళ్లి 30కి ఎడమ బిడ్డ అయింది. అతని కోడ్ తండ్రి దగ్గర తిప్పకుండా నేరుగా తాత 10 దగ్గర తిప్పింది: 30 నలుపై పైకి వచ్చింది, 10 ఎరుపై దాని ఎడమకు దిగింది, 20 ఎరుపుగానే 10కి కుడి బిడ్డగా వేలాడింది. ఎరుపు కింద ఎరుపు అలాగే మిగిలింది. ముద్రణ మాత్రం 10, 20, 30 అనే చూపింది. `bh` సున్నా ఇచ్చింది. తాత దగ్గర తిప్పే వరసకు ముందు తండ్రి దగ్గర తిప్పే రెండు వరసలు చేర్చాక 20 పైకి వచ్చి నలుపైంది, 10, 30 ఎర్ర పిల్లలయ్యాయి, `bh` రెండు అని జవాబిచ్చింది.