నాలుగు లక్షల నంబరు వచ్చినవాళ్లకు ఆ క్షణమే చెప్పేయాలి

2024 సెప్టెంబర్ 22 ఆదివారం మధ్యాహ్నం 12 గంటలకు ముంబై కోల్డ్‌ప్లే కచేరీ టికెట్లు అమ్మకానికి పెట్టినప్పుడు ఏం జరిగిందో అందరికీ తెలిసిందే. అమ్మకం మొదలవక ముందే బుక్‌మైషో సైటు, యాప్ మొరాయించాయి. తేరుకున్నాక చాలామందికి స్క్రీన్ మీద లక్షల్లో క్యూ నంబర్లు కనిపించాయి. 1.3 కోట్ల మందికి పైగా లాగిన్ అయ్యారని ఆ సంస్థే చెప్పుకుంది. జనవరి 18, 19 షోలకు తోడు 21న మూడో షో పెట్టినా అంత జనానికి అది ఏ మూలకూ చాలలేదు.

అప్పటి నుంచి ఎక్కడ పెద్ద టికెట్ల అమ్మకం జరిగినా సైటు నిలబడిందా, పడిపోయిందా అన్నదే చర్చ. నా అభ్యంతరం వేరు. బుకింగ్ పేజీలోకి వదిలే ముందు జనాన్ని క్యూలో కూర్చోబెట్టే ఆన్‌లైన్ వెయిటింగ్ రూమ్ ఒక్క సెకను కూడా తడబడకుండా పనిచేసినా సరే, అందులో కూర్చున్న మనిషి దగ్గర అది ఒక ముఖ్యమైన విషయం దాస్తోంది. తనకు టికెట్ వస్తుందా రాదా అన్నది అప్పటికే దాదాపు తేలిపోయిందన్న విషయం.

దాని పనితీరు చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. బుకింగ్ నడిపే అసలు సర్వర్లకు ముందు, వాటితో సంబంధం లేని వేరే సర్వర్ల మీద తేలికైన ఒక పేజీ పెడతారు. అందులో సీట్ల మ్యాప్ ఉండదు, డేటాబేస్‌ను అడిగే పని ఉండదు. అందుకే లక్షల మంది ఒకేసారి తెరిచినా తట్టుకుంటుంది. వచ్చిన ప్రతి బ్రౌజర్‌కూ కుకీ రూపంలో ఒక టోకెన్ ఇస్తుంది. ఆ టోకెన్ ఉన్నంత సేపు పేజీ రిఫ్రెష్ అయినా మామూలుగా మన స్థానం పోదు. వంతు వచ్చినప్పుడు నకిలీది తయారు చేయడానికి వీల్లేని ఒక డిజిటల్ పాస్ చేతికిచ్చి లోపలికి పంపుతుంది. ఆ పాస్ లేకుండా నేరుగా వచ్చేవాళ్లను బుకింగ్ సర్వరు వెనక్కి తిప్పేస్తుంది.

ఇక నంబర్ల సంగతి. 12 గంటలకు ముందే వచ్చి కూర్చున్న వాళ్లందరినీ ఇలాంటి చాలా వ్యవస్థలు ఒకే గుంపుగా లెక్కేస్తాయి. సరిగ్గా 12కు ఆ గుంపుకి చీట్లు తీసినట్టే నంబర్లు వేస్తాయి. 11 గంటలకే వచ్చినవాళ్లకూ, 11:59కి వచ్చినవాళ్లకూ అవకాశం ఒక్కటే. 12 దాటాక వచ్చినవాళ్లు మాత్రం వచ్చిన వరసలో వెనక చేరతారు. ఇలా చేయడంలో తప్పేమీ లేదు. లేకపోతే ముందు వరసంతా వేగమైన నెట్ ఉన్నవాళ్లదీ, మిల్లీసెకన్లలో క్లిక్ కొట్టే బాట్‌లదీ అవుతుంది. అయితే ఒప్పుకోవాల్సింది ఒకటుంది. 12 గంటలు దాటిన మరుసటి సెకనుకే డ్రా అయిపోయింది. ఆ తర్వాత గంటల తరబడి నడిచేదంతా ఫలితం తెలియనివ్వని నిరీక్షణ.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకి వేసుకున్నవి, లెక్క కట్టే పద్ధతి మాత్రం అసలైనదే. అమ్మకానికి 50 వేల టికెట్లు ఉన్నాయి. బుకింగ్ పేజీ ఒకే సమయంలో 3 వేల మందిని ఇబ్బంది లేకుండా మోయగలదు. సీటు చూసుకుని, ఓటీపీ కొట్టి, డబ్బు కట్టి బయటపడడానికి మనిషికి సగటున 5 నిమిషాలు పడుతుంది. అంటే నిమిషానికి 600 మందిని మించి లోపలికి వదలకూడదు. కొనే ఒక్కొక్కరు సగటున 3 టికెట్లు తీసుకుంటే దాదాపు 16,700 ఆర్డర్లతో సరుకు అయిపోతుంది. లోపలికి వెళ్లిన ప్రతి ముగ్గురిలో ఇద్దరు కొంటారనుకుంటే 25 వేల మంది లోపలికి వెళ్లేసరికి ఖాళీ. నిమిషానికి 600 చొప్పున 42 నిమిషాల్లో కథ ముగుస్తుంది.

ఇప్పుడు 4 లక్షల నంబరు వచ్చిన అమ్మాయిని తలచుకోండి. ఆమె వంతు రావడానికి 11 గంటలు పట్టాలి. టికెట్లు ఉండేది ముప్పావుగంటే. ఆదివారం అన్నం కూడా ఫోన్ పక్కన పెట్టుకునే తిన్నది. చార్జింగ్ అయిపోతుందేమోనని, నెట్ పోతుందేమోనని టెన్షన్. ఈ లెక్కలోని అంకెలన్నీ నిర్వాహకుల ముందు స్క్రీన్ మీద ఉంటాయి. నిమిషానికి ఎందరిని వదలాలో వాళ్లే పెడతారు, ఎన్ని టికెట్లు మిగిలాయో వాళ్లకే తెలుస్తుంది. రెంటినీ కలిపి ‘మీ నంబరుకు టికెట్ దొరకడం దాదాపు అసాధ్యం’ అని ఒక్క వాక్యం చూపించడానికి కొత్త టెక్నాలజీ అక్కర్లేదు. చూపించకపోవడం నిర్ణయమే.

డబ్బు కట్టకుండా వదిలేసిన సీట్లు తిరిగి వస్తాయి కదా, ఎవరికి తెలుసు అంటారు. నిజమే. సీటు ఎంచుకోగానే కొన్ని నిమిషాలు ఆ మనిషి పేరు మీద పట్టి ఉంచుతారు, చెల్లింపు జరగకపోతే మళ్లీ అమ్మకానికి పెడతారు. దానికోసం కొంత మార్జిన్ వేసుకోవచ్చు. పై లెక్కలో 25 వేలు అన్నచోట 50 వేల నంబరు దాకా ఉండమనొచ్చు. 4 లక్షల నంబరును కూర్చోబెట్టడానికి అది సాకు కాదు.

ఒక మాట నిర్వాహకుల పక్షాన కూడా చెప్పాలి. లోపలికి వదిలే వేగం వాళ్ల ఇష్టానికి పెంచుకునేది కాదు. పైన ప్రాజెక్టు నిండిందని కాలువ మోయలేనంత నీరు వదిలితే గట్టు తెగుతుంది. ఇక్కడ కాలువ సన్నబడేది మొదటి పేజీ దగ్గర కాదు, చివరన. ఒకే సీటు ఇద్దరికి వెళ్లకుండా తాళం వేసే డేటాబేస్, ఓటీపీ మెసేజ్, పేమెంట్ గేట్‌వే. వీటిలో చివరి రెండూ సాధారణంగా వేరే సంస్థల చేతిలో ఉంటాయి. వేగం ఎక్కువ పెడితే చెల్లింపులు ఫెయిలవుతాయి. ఫెయిలైనవాళ్లు మళ్లీ మళ్లీ నొక్కుతారు, భారం ఇంకా పెరుగుతుంది. క్యూ చకచకా కదులుతూ అమ్ముడైన టికెట్ల సంఖ్య మాత్రం నిలిచిపోయిందంటే అదే గుర్తు. వెంటనే వేగం తగ్గించాలి. లాగిన్, ఓటీపీని వెయిటింగ్ రూమ్‌కు బయట వదిలేయడం ఇంకో పొరపాటు. రద్దీ అంతా అక్కడే పడుతుంది, వెయిటింగ్ రూమ్ చెక్కుచెదరకపోయినా జనం దాని దాకా రాలేరు.

అయితే ఇవన్నీ జనాన్ని ఒకే నిమిషానికి రమ్మని పిలిచాక పడే తిప్పలు. అసలు ఎందుకు పిలవాలి? 50 వేల టికెట్లకు 10 లక్షల మంది వస్తారని ముందే తెలుసు. చివరికి చేసేది డ్రానే అని కూడా తెలుసు. అలాంటప్పుడు మూడు రోజులు పేర్లు నమోదు చేసుకుని, తీరిగ్గా డ్రా తీసి, వచ్చినవాళ్లకు డబ్బు కట్టడానికి రెండు రోజులిస్తే ఉరుకులు పరుగుల గొడవే ఉండదు.

డ్రాకి బలమైన కారణం సర్వరు భారం తగ్గడం కూడా కాదు. దొంగలను పట్టుకోవడానికి సమయం దొరకడం. కుకీ ఆధారంగా నడిచే క్యూలో ఒకే మనిషి ఫోన్‌లో ఒకటి, ల్యాప్‌టాప్‌లో ఒకటి, వేరే బ్రౌజర్‌లో ఒకటి తెరిస్తే మూడు నంబర్లు వస్తాయి. బ్లాకులో అమ్ముకునేవాళ్లు వేలల్లో తెరుస్తారు. మధ్యాహ్నం 12కు ఎవరు మనిషో, ఎవరు బాటో తేల్చడానికి సెకను కూడా ఉండదు. నమోదుకు మూడు రోజులుంటే ఒకే కార్డు, ఒకే ఫోన్ నంబరు, ఒకే చిరునామా మీద పదేసి దరఖాస్తులు వచ్చాయేమో కూర్చుని ఏరేయొచ్చు. ఈ సమస్య చిన్నది కాదు. తత్కాల్ బుకింగ్ తెరిచిన మొదటి ఐదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో సగం దాకా బాట్‌లవేనని 2025లో రైల్వే శాఖే చెప్పింది. రెండున్నర కోట్ల అనుమానాస్పద ఐడీలను నిలిపేసింది.

నమోదు పద్ధతి అమెరికాలో పెట్టి చూశారు, అయినా కూలింది కదా అని అడిగేవాళ్లున్నారు. 2022 నవంబర్‌లో టేలర్ స్విఫ్ట్ టికెట్లకు టికెట్‌మాస్టర్ దగ్గర 35 లక్షల మంది పేర్లు నమోదు చేసుకున్నారు. వాళ్లలో సుమారు 15 లక్షల మందిని ఎంపిక చేసి కోడ్లు పంపారు. నవంబర్ 15న వ్యవస్థ మీద 350 కోట్ల రిక్వెస్టులు పడ్డాయి, తర్వాతి బహిరంగ అమ్మకం రద్దయింది. కోడ్లు సరిచూసే సర్వర్ల మీదే బాట్‌లు దాడి చేశాయని సంస్థ చెప్పింది. ఇందులో డ్రా తప్పేముంది? చీటీ తీసి టికెట్ ఇవ్వలేదు, క్యూలో నిలబడే హక్కు మాత్రం ఇచ్చారు. మళ్లీ ఆ లక్షల మందినీ ఒకే రోజు తలుపు దగ్గరకు రమ్మన్నారు.

మన దగ్గరే తిరుమల ఉంది. ఏళ్లుగా ఒకే సైటులో రెండు పద్ధతులూ నడుస్తున్నాయి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలలో ఫలానా రోజు ఉదయం 10కి విడుదలవుతాయి. ఆ పూట ఇంటిల్లిపాదీ తలా ఒక ఫోన్ పట్టుకుని కూర్చోవడం తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాలా? కొన్ని ఆర్జిత సేవలకేమో ఎలక్ట్రానిక్ డిప్. రెండు రోజుల గడువులో ఎప్పుడైనా పేరు ఇవ్వొచ్చు, వస్తే డబ్బు కట్టాలి. రానివాళ్లు బాధపడతారు గానీ ఆ ఉదయమంతా స్క్రీన్‌కి అతుక్కుపోరు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కౌంటర్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. ఆ తర్వాతి సీజన్‌లో మొదటి మూడు రోజుల టోకెన్లను టీటీడీ డిప్‌కు మార్చింది. ఆ నిర్ణయం ముందే తీసుకోవాల్సింది.

టీటీడీ దగ్గర ఇంకో మంచి అలవాటుంది. ఎన్ని టికెట్లు విడుదల చేస్తున్నారో చాలాసార్లు ముందే ప్రకటిస్తారు. కచేరీల వ్యాపారంలో ఆ ఒక్క అంకే బయటికి రాదు. స్టేడియంలో ఎన్ని సీట్లున్నాయో తెలుస్తుంది. స్పాన్సర్లకు, బ్యాంకు కార్డుల ముందస్తు అమ్మకానికి, నిర్వాహకుల వాళ్లకు పోగా జనానికి ఎన్ని పెట్టారో ఎవరూ చెప్పరు. ఆ సంఖ్య తెలియకపోతే పైన వేసిన లెక్క బయటివాళ్లెవరూ వేయలేరు. బ్లాకు మార్కెట్ బతికేది కూడా ఆ చీకట్లోనే. కోల్డ్‌ప్లే టికెట్లు లక్షల రూపాయలకు రీసేల్ సైట్లలో కనిపించినప్పుడు అవి క్యూ నుంచి వెళ్లాయా, పక్క తలుపు నుంచి వెళ్లాయా అని జనం తేల్చుకునే దారి లేకపోయింది. ఆన్‌లైన్ టికెట్ల అమ్మకానికి మార్గదర్శకాలు కావాలన్న ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని 2025 జనవరిలో బాంబే హైకోర్టు కొట్టేసింది. చట్టాలు చేసేవాళ్లు, ప్రభుత్వం చూసుకోవాల్సిన పని అంది.

అంటే బంతి ప్రభుత్వాల కోర్టులోనే ఉంది. హైదరాబాద్‌లో, విశాఖలో పెద్ద కచేరీలకు, క్రికెట్ మ్యాచ్‌లకు పోలీసు అనుమతి లేనిదే గేటు తెరవరు. ఆ అనుమతి కాగితంలోనే మూడు షరతులు రాయొచ్చు. బహిరంగ అమ్మకానికి పెట్టే టికెట్ల సంఖ్య ముందు రోజే ప్రకటించాలి. క్యూ నడిపితే మిగిలిన టికెట్లు, నిమిషానికి లోపలికి వదిలే సంఖ్య అందరికీ కనపడాలి, అందని నంబర్లవాళ్లను అప్పుడే పంపేయాలి. అడిగేవాళ్లు టికెట్లకు పది రెట్లు ఉంటారని తెలిసిన చోట క్యూ మానేసి డ్రా తీయాలి. హైదరాబాద్‌లో వచ్చే పెద్ద మ్యాచ్‌తోనే మొదలుపెట్టొచ్చు.