ఫ్రీజర్‌ది కాదు తప్పు, మూతది

"కాఫీ గింజల్ని ఫ్రీజర్‌లో పెట్టకండి. లోపలి నీరు గడ్డకట్టి గింజ పాడవుతుంది, తేమ పడుతుంది. గాలి చొరబడని గాజు సీసాలో పోసి గట్టు మీద పెట్టుకుంటే నెలల తరబడి తాజాగా ఉంటాయి."

కాఫీ గురించి తరచూ వినిపించే సలహా ఇది. ముందు సీసా సంగతి. మూత బయటి గాలిని ఆపుతుంది, నిజమే. కానీ మూత పెట్టేసరికే లోపల ఉన్న గాలి మాటేమిటి? సగం ఖాళీ అయిన సీసాలో ఆ సగం గాలే. రోజూ మూత తీసినప్పుడల్లా కొత్త ఆక్సిజన్ లోపలికి వెళ్తుంది. పైగా గాజులోంచి వెలుతురు పడుతుంది, గట్టు పొయ్యి పక్కనుంటే వేడి తోడవుతుంది. వేడి, వెలుతురు రెండూ గింజలోని నూనెలు పాతబడటాన్ని తొందరచేసేవే. చీకటి అల్మారాలో, గింజలకు సరిపడా చిన్న డబ్బాలో పెడితే మూడు నాలుగు వారాలు బాగుంటాయి. నెలల తరబడి అంటే నేను ఒప్పుకోను. వేడినీళ్లు పోసినప్పుడు పొడి పొంగకుండా చదునుగా తడిసి ఊరుకుంటే, అట్ట ముక్క వాసన వస్తే, వాటి పని అయిపోయినట్టే.

లోపలి నీరు గడ్డకడుతుందనేది మరీ విచిత్రం. వేయించినప్పుడే గింజలోని నీరు చాలావరకు ఆవిరైపోతుంది. మామూలుగా మిగిలేది 5 శాతం లోపే. పచ్చి కూరగాయలా పగిలిపోవడానికి అందులో అంత నీరెక్కడుంది?

తేమ మాట మాత్రం ఉత్తిది కాదు. నేనూ ఒకసారి పెద్ద సంచీని ఫ్రీజర్‌లో పెట్టి, రోజూ పొద్దున తెరిచి గుప్పెడు తీసుకున్నాను. పది రోజులకు గింజలు చేతికి చెమ్మగా తగిలాయి, కాఫీ చప్పబడింది. గదిలోని గాలి చల్లటి గింజల్ని తాకగానే అందులోని ఆవిరి నీరై వాటి మీదే కూర్చుంటుంది. అంటే పాడుచేసింది చలి కాదు, రోజూ తెరవడం.

ఇప్పుడు అర కిలో తెస్తే ఇలా చేస్తాను. 250 గ్రాములు డబ్బాలోకి, రెండు వారాల్లో అయిపోతాయి. మిగతా 250 గ్రాములు 125 చొప్పున రెండు చిన్న జిప్ సంచుల్లో పోసి, గాలంతా నొక్కి తీసేసి, తెచ్చిన వారంలోపే ఫ్రీజర్‌లో పెడతాను. డబ్బా ఖాళీ కాబోయే ముందు రాత్రి ఒక సంచీ బయట పెడతాను, పొద్దుటిదాకా విప్పను. నీటి చుక్కలు సంచీ బయటే పడతాయి, తుడిచేస్తే సరి. ఒకసారి విప్పినది మళ్లీ ఫ్రీజర్‌లోకి వెళ్లదు.

ఫ్రిజ్ కింది అరలు మాత్రం వద్దు. అక్కడ చలి చాలదు, మాటిమాటికీ తలుపు తీస్తుంటాం, పక్కనున్న కూరల వాసన పట్టేస్తుంది. ఇంకోటి, అప్పటికే పాతబడ్డ గింజల్ని ఫ్రీజర్ బాగుచేయదు. పెట్టిన రోజు ఎలా ఉన్నాయో ఇంచుమించు అలాగే ఉంచుతుంది, అంతే.