తల దించుకుంటే అణకువ, తల ఎత్తితే ఆటిజం కాదు

36 ఏళ్ల వయసులో నాకు ఆటిజం ఉందని తేలింది. మొన్న ఆదివారం ఆ సంగతి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. పది నిమిషాలు ఎవరూ కిక్కురుమనలేదు. తర్వాత మా మావయ్య ఫోన్ చేశాడు. "ఆటిజం ఏంటే నీ మొహం! నిక్షేపంలా ఉద్యోగం చేస్తున్నావు, పిల్లాణ్ణి పెంచుకుంటున్నావు, మాట్లాడితే కళ్లలోకి చూసి సమాధానం చెప్తావు. ఈ డాక్టర్లకి పనీపాటా లేదు" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు, అది నాకు తెలుసు. కానీ ఆ కళ్ల మాట దగ్గర నాకు ఒళ్లు మండింది. అందుకే ఈ పోస్టు. పెద్దదే అయ్యింది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

మావయ్యకి గుర్తుందో లేదో, నా పెళ్లిచూపుల్లో ఆయన కూడా ఉన్నాడు. నేను ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. టీపాయ్ మీద జంతికల పళ్లెం అంచున 32 పువ్వులున్నాయి. ఎంతసేపూ వాటినే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నా. వచ్చినవాళ్లు పోతూ పోతూ "అమ్మాయి ఎంత అణకువండీ" అన్నారు. ఆ మాట మావయ్యే అందరికీ మురిసిపోతూ చెప్పాడు. కళ్లలోకి చూడలేని రోజుల్లో దాన్ని అణకువ అన్నారు. ఎలాగోలా చూడటం నేర్చుకున్నాక, చూస్తున్నావు కాబట్టి నీకేమీ లేదంటున్నారు. నేనెప్పుడు దొరకాలి మరి?

ఇప్పుడు నేను నిజంగా కళ్లలోకి చూస్తున్నానా అంటే, లేదు. ఎదుటివాళ్ల కనుబొమల మధ్య, బొట్టు పెట్టుకునే చోట చూస్తాను. మనసులో మూడు లెక్కపెట్టి చూపు పక్కకి తిప్పి, మళ్లీ తెస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పక్క సీట్లో అందరితో బాగా కలిసిపోయే అమ్మాయిని చూసి ఇది నేర్చుకున్నాను. ఆమె నవ్వే పద్ధతి, "అవునా, తర్వాత?" అనే పద్ధతి కూడా అక్కడివే. మేనేజర్‌కి రెండు నిమిషాల ఫోన్ చేయాలంటే ముందు కాగితం మీద రాసుకుని చదువుకుంటాను. దీన్ని మాస్కింగ్ అంటారు. ఇందులో అవతలివాళ్లని మోసం చేయడం ఏమీ లేదు. చాలావరకు మనకే తెలియకుండా చేస్తాం. నాకైతే అందరూ ఇలాగే బతుకుతారనీ, నాకొక్కదానికే అలుపెక్కువనీ అనిపించేది.

"ఉంటే చిన్నప్పుడే తెలిసేది కదా" అనేది రెండో మాట. చిన్నప్పుడు లేకుండా ఆటిజం పెద్దయ్యాక పుట్టుకురాదన్నది నిజమే. లక్షణాలు చిన్నప్పటి నుంచీ ఉండాలి. కానీ ఉండటం వేరు, ఎవరైనా గుర్తించడం వేరు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే రోగనిర్ధారణ పుస్తకంలో ఈ తేడా రాసి ఉంది. బయటి ప్రపంచం అడిగేది మనకి చేతనయ్యేదాన్ని మించేదాకా లక్షణాలు పూర్తిగా బయటపడకపోవచ్చు, పెద్దయ్యాక నేర్చుకున్న పద్ధతులు వాటిని కప్పేయవచ్చు అని. ఏ శబ్దాలు, ఏ స్పర్శలు భరించలేమన్నది కూడా అప్పుడే లక్షణాల లెక్కలోకి వచ్చింది.

నా విషయంలో వాటిని కప్పింది ముగ్గులు.

ఏడేళ్ల వయసు నుంచీ నాకు ముగ్గుల పిచ్చి. 15 చుక్కలు, సందుచుక్క, 8 వరకు. ఈ లెక్కలతోనే పడుకునేదాన్ని, వాటితోనే లేచేదాన్ని. గళ్ల నోటుబుక్కులు పదకొండు నింపాను. వీధిలో అందరూ మెచ్చుకునేవాళ్లు. అదే ఒక మగపిల్లాడు రోజూ గంటల తరబడి బొమ్మకార్లు వరసగా పేరుస్తూ కూర్చుంటే, ఎవరో ఒకరు "ఒకసారి డాక్టర్‌కి చూపించండి" అనేవాళ్లేమో. ఆడపిల్ల చుక్కలు వరసగా పెడితే కళ అవుతుంది. ముగ్గులంటే ఇష్టమున్న ప్రతివాళ్లకీ ఆటిజం అనడం లేదు, కంగారుపడకండి. చూడాల్సింది ఏ ఇష్టం అన్నది కాదు, అది చెదిరితే ఏమవుతుందన్నది. ఒక సంక్రాంతికి వాకిట్లో నేను పెట్టిన ముగ్గు మీదుగా పాలాయన సైకిల్ పోయింది. ఒక్క గీత చెదిరింది. నేను మధ్యాహ్నం దాకా అక్కడే ఏడుస్తూ కూర్చున్నాను. పండగ పూట పొంగలి ముట్టలేదు, బాబాయి ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లబోతే కరిచాను. ఇంట్లో దానికి పెట్టిన పేరు 'పెంకితనం'.

మన భాషలో ఆడపిల్లకి పేర్లకేం తక్కువ. నలుగురిలో మాట్లాడకపోతే సిగ్గు. చీర గుచ్చుకుంటోందంటే సుకుమారం. పదిహేనేళ్లు వచ్చేదాకా "నోట్లో నాలుక లేదు, బంగారుతల్లి" అంటారు. పాతికేళ్లు దాటాక అదే మౌనానికి "పొగరు" అంటారు. పిల్ల ఏమీ మారదు, పేరు మారుతుందంతే.

డాక్టర్ల వైపు కథా కాస్త ఇలాంటిదే. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఆటిజం గురించి రాసిన మొదటి వ్యాసంలో 11 మంది పిల్లలున్నారు, అందులో 8 మంది మగపిల్లలు. మరుసటి ఏడాది వియన్నాలో ఆస్పర్గర్ అనే డాక్టర్ రాసింది కూడా మగపిల్లల గురించే. ఆ మగపిల్లలే అచ్చు అయిపోయారు, ఆ అచ్చులో సరిపోయేవాళ్లనే ఆ తర్వాత చాలాకాలం వెతికారు. (అంతకుముందే, 1920ల్లోనే, మాస్కోలో గ్రున్యా సుఖరేవా అనే డాక్టరమ్మ ఆడపిల్లల గురించి విడిగా రాసింది. పట్టించుకున్నవాళ్లు తక్కువ.) నలుగురు మగపిల్లలకి ఒక ఆడపిల్ల అని చాలా ఏళ్లు చెప్పుకున్నారు. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2017లో చూస్తే, ఆ తేడా నిజానికి మూడుకి ఒకటి దగ్గర ఉంటుందని తేలింది. ఆస్పత్రి దాకా వచ్చినవాళ్లనే లెక్కపెట్టకుండా, జనంలోకి వెళ్లి వెతికినప్పుడు ఆడపిల్లలు ఎక్కువ మంది కనబడ్డారు. "ఈ మధ్య అందరికీ ఇదే ఫ్యాషన్" అనేవాళ్లకి నా జవాబు ఇంతే.

నా సంగతికి వస్తాను. 26 ఏళ్లప్పుడు మా చెల్లి పెళ్లి. మూడు రోజులు ఇంటినిండా జనం, మైకు, జనరేటరు, మెడ దగ్గర జరీ గుచ్చుకునే జాకెట్టు. మూడో రోజు సాయంత్రం నాకు మాట పడిపోయింది. చెప్పాల్సింది తలలో ఉంది, నోట్లోకి రావడం లేదు. బాత్రూంలో గడియ పెట్టుకుని, చీకట్లో బకెట్ పక్కన నేల మీద కూర్చున్నాను. అమ్మ దిష్టి అనుకుని ఉప్పూ మిరపకాయలూ తిప్పేసింది. తర్వాత థైరాయిడ్ పరీక్ష చేయించారు, నార్మల్. ఒక డాక్టర్ యాంగ్జైటీ అని మాత్రలు రాశారు. అబద్ధం ఎందుకు చెప్పాలి, నిద్ర కొంచెం బాగుపడింది. మిక్సీ వేస్తే వంటింట్లోంచి పారిపోవడం మాత్రం తగ్గలేదు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. యాంగ్జైటీ ఉండొచ్చు, ఆటిజంతో పాటు అది చాలామందికి ఉంటుంది కూడా. కానీ జనంలో ఉత్త భయమే అయితే, భయం లేని చోట మనిషి తేలికపడాలి. నాకు ప్రాణమైన ఇద్దరు స్నేహితురాళ్లతో సినిమాకి వెళ్లొచ్చినా, బ్రహ్మాండంగా నవ్వుకున్నా, మర్నాడు కర్టెన్లు వేసుకుని పడుకోవాల్సిందే. వాళ్లేమనుకుంటారో అన్న టెన్షన్ నాకు లేదు. అలసట మాత్రం ఉంది. పైగా భయానికి మెడ దగ్గర బట్టల లేబుల్ గుచ్చుకోవడంతో సంబంధం లేదు కదా.

నాది బయటపడింది మా అబ్బాయి వల్ల. వాడికి ఆరేళ్లప్పుడు సైకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ ఒక్కో ప్రశ్న అడుగుతుంటే నేను "అదేముందండీ, మామూలే, నేనూ అంతే" అంటున్నాను. అలా ఆరో ఏడో సార్లు అన్నాక ఆవిడ పెన్ను కింద పెట్టి, "మీ గురించి విడిగా ఒకసారి మాట్లాడుకుందామా?" అన్నారు.

మూడు సార్లు కూర్చున్నాం, ఒక్కోసారి గంటన్నర. ఆన్‌లైన్‌లో దొరికే ఏక్యూ అనే యాభై ప్రశ్నల ఆటిజం ఫారం నింపించారు కానీ, అది తలుపు తట్టడానికే, తీర్పుకి కాదన్నారు. ఎక్కువ సేపు పట్టింది నా చిన్నతనానికే. స్కూలు ప్రోగ్రెస్ కార్డులు తెమ్మన్నారు. నాలుగేళ్లపాటు ముగ్గురు టీచర్లు ఒకటే మాట రాశారు, "వెరీ క్వయట్". తర్వాత అమ్మకి ఫోన్ చేశారు. "మా అమ్మాయికి ఏ లోటూ లేదండీ" అని మొదలుపెట్టింది అమ్మ. ఆవిడ తొందరపడకుండా, ఏం తినేది, ఎలా ఆడుకునేది అని అడుగుతూ పోయారు. "పప్పన్నానికి పచ్చడి తగిలితే కంచం తోసేసేదండీ. కొత్త గౌనుకి మెడ దగ్గర లేబుల్ కత్తిరిస్తే గానీ వేసుకునేది కాదు. పక్కింటి పిల్లలు పిలిస్తే వెళ్లేది, కానీ వాళ్లాడుతుంటే అరుగు మీద కూర్చుని చూసేది. ఇంటికొచ్చి వాళ్ల మాటలు అచ్చం వాళ్లలాగే ఒక్కతే అనుకునేది. ఎంత తెలివో!" అని అమ్మ గర్వంగా చెబుతోంది. అవతల ఆవిడ పేజీ తిప్పి రాసుకుంటున్నారు.

మన దగ్గర ఆటిజానికి వైకల్య సర్టిఫికెట్ కావాలంటే ఐసా అనే స్కేలు వాడతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థే దాన్ని తయారుచేసింది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. ఆ లక్షణం ఎంత తరచుగా కనిపిస్తుందో దాన్నిబట్టి వేస్తారు. మొత్తం 70 కంటే తక్కువైతే ఆటిజం లేనట్టే. మొదటి అంశమే కళ్లలోకి చూడకపోవడం. నాకు అక్కడ 1 పడింది, మూడు లెక్కపెట్టి చూస్తాను కాబట్టి. మొత్తం 66. సైకాలజిస్ట్ డీఎస్ఎం-5 ప్రకారం ఆటిజం అని రిపోర్టు రాశారు, ఈ స్కేలు ప్రకారం మాత్రం లేదు. ఆ స్కేలు పనికిరాదని అనను, మాటలు రాని పిల్లలకి, వాళ్ల అమ్మానాన్నలకి అది చాలా అవసరం. కానీ లక్షణం ఎంత తరచుగా కనబడుతుందో అది అడుగుతుంది, కనబడకుండా ఉంచడానికి ఎంత ఖర్చవుతుందో అడగదు. నాలాంటివాళ్లు తప్పిపోయేది అక్కడే.

ఇంకొకటి, "వీళ్లకి మనసుండదు" అనే మాట. మా పెదనాన్న పోయినప్పుడు నేను ఏడవలేదు. పన్నెండు రోజులూ వంటవాళ్ల లెక్క, డెత్ సర్టిఫికెట్ కాగితాలు, పెద్దమ్మ ఫ్యామిలీ పెన్షన్ ఫారాలు చూసుకున్నాను. "రాయిలా ఉందమ్మా" అని ఎవరో అనడం నా చెవిన పడింది. నా ఏడుపు నాలుగు నెలల తర్వాత, ఆయన బీరువాలో పంచె వాసన తగిలినప్పుడు వచ్చింది. అప్పుడు చూసేవాళ్లెవరూ లేరు. దీని గురించి ఇంతకంటే రాయను.

కిందటి నెల బాబాయి కూతురి పెళ్లి. ఈసారి ముహూర్తానికి గంట ముందు వెళ్లాను, మెత్తటి కాటన్ జాకెట్టుతో. తాళి కట్టే ముందు పంతులుగారు చెయ్యి ఎత్తి గట్టిమేళం అనగానే, చెవుల్లో ప్లగ్గులు పెట్టుకున్నాను. పక్కన కూర్చున్న పిన్ని వింతగా చూసింది. "ఏంటే అవి?" అంది. చెప్పాను. కాసేపు స్టేజీ వైపు చూసి, అక్షింతలు వేసి, నా వైపు వంగి మెల్లగా అడిగింది.

"ఇంకో జత ఉందా?"