అల్లం వికారానికి సరే, బరువుకి జీలకర్ర నీళ్లు వద్దు

“అల్లం, వాము, జీలకర్ర నీళ్లు, మజ్జిగ... వీటిలో నిజంగా పనిచేసేవి ఏవి?”

నా ఓటు అల్లానికే, అదీ వికారానికి. గర్భిణులకు తొలి నెలల్లో వచ్చే వికారం మీద దీన్ని బాగానే పరీక్షించారు. ఆ పరీక్షల్లో ఎక్కువగా ఇచ్చింది రోజు మొత్తానికి సుమారు 1 గ్రాము ఎండు అల్లం, అంటే దాదాపు అర టీస్పూన్ శొంఠి పొడి. దాన్ని మూడు నాలుగు సార్లుగా పంచుకోవాలి, ఒకేసారి మింగితే గుండెల్లో మంట రావచ్చు. మా వదినకు మూడో నెలలో ఇలాగే గోరువెచ్చని నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా ఇచ్చాం. వికారం తగ్గింది, వాంతులు మాత్రం పూర్తిగా ఆగలేదు. అల్లం నుంచి ఆశించాల్సింది అంతే. తాగిన నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం తగ్గి ముదురు రంగులోకి మారినా ఇంటి వైద్యం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందే అడగాలి.

వాములో థైమాల్ ఉంటుంది, ఘాటు దానిదే. గ్యాస్‌కి చిటికెడు నమిలితే కొందరికి హాయిగా ఉంటుంది కానీ మనుషులపై రుజువులు తక్కువ.

జీలకర్ర నీళ్లతో కొవ్వు కరుగుతుందనేది మాత్రం అతిగా చెప్పే మాట. తీపి టీ మానేసి ఇవి తాగితే తగ్గే బరువు చక్కెర మానడం వల్లే.

మజ్జిగ చాలామందికి పాలకంటే తేలిగ్గా అరుగుతుంది. అయినా అందులో లాక్టోజ్ అనే పాల చక్కెర మిగిలే ఉంటుంది కాబట్టి, తాగిన ప్రతిసారీ కడుపు ఉబ్బితే కొన్నాళ్లు మానేసి చూడండి. విరేచనాలకు మాత్రం ముందు ఓఆర్ఎస్ ఇవ్వండి.