రిప్లై ఆల్ బటన్ గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా రిప్లై ఆల్ గారూ,

నమస్కారం. మొన్న మంగళవారం పొద్దున 11 గంటలకు మా విభాగానికి ఒక మెయిల్ వచ్చింది. టీమ్ లీడ్ పోస్టు ఎవరికిచ్చారో అందులో ఉంది. నా పేరు లేదు. ఆరేళ్లుగా నా పక్క సీట్లో కూర్చుంటున్న ఆవిడ పేరు ఉంది. ఆ పోస్టుకి ఇద్దరం ఒకే రోజు ఇంటర్వ్యూకి వెళ్లాం, ఆవిడ ముందు, నేను తర్వాత. ఈ సంగతి మా అంతస్తులో తెలియనివాళ్లు లేరు.

మెయిల్ వచ్చిన రెండు నిమిషాలకే మీ కొలువు మొదలైంది. మొదటివారు "కంగ్రాట్స్!" అన్నారు. రెండోవారు రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టారు. మూడోవారు తగ్గుతారా? వేలంపాటలా పెరుగుతూ పోయింది. పావుగంటలో 19 జవాబులు. ఒకాయన ఆవిడ పేరులో ఒక అక్షరం తప్పు రాశాడు. ఆయన తర్వాత నలుగురు అదే తప్పుతో అభినందించారు. కాపీ ఎక్కణ్ణుంచి కొట్టారో వేరే చెప్పాలా!

మీ దగ్గరికొచ్చే అభినందన ఎవరి కోసమో నాకు అప్పుడు అర్థమైంది. అది ఆవిడ కోసం కాదు. కాపీలో ఉన్న పెద్దసారు కోసం. మీరు నడిపేది హాజరు పట్టీ. తప్పులేదు, ఆ పోస్టుతో సంబంధం లేనివాళ్లకి ఆ సంతకం చాలు. నా సంతకాన్ని మాత్రం 42 మంది భూతద్దం పెట్టి చూస్తారు. ఒక్క ముక్క రాస్తే "మొహం మాడ్చుకున్నాడు" అంటారు. ఒక పేరా రాస్తే "పాపం, కవర్ చేస్తున్నాడు" అంటారు. ఎంత రాయాలో తేల్చుకోలేక మీ మీద వేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి అరగంట గడిపాను.

ఆ అరగంటలో మూడు రకాలుగా రాశాను. మొదటిది చూడ్డానికి చాలా హుందాగా ఉంది. "హృదయపూర్వక అభినందనలు. నేనూ ఈ పోస్టు ఆశించినా, నీకు వచ్చినందుకు ఎంతో సంతోషంగా ఉంది." ఇందులో "ఆశించినా" అన్న ఒక్క మాట దగ్గర ఉత్తరం ఆవిడ చేతిలోంచి నా చేతిలోకి వచ్చేసింది. దానికి ఆవిడ ఏం జవాబివ్వాలి? "అయ్యో, నీకూ రావాల్సింది" అనాలి. అంటే తన సంతోషం రోజున ఆవిడకి నేనిచ్చే కానుక, నన్ను ఓదార్చే పని. కొట్టేశాను.

రెండోది, "ఈ పోస్టుకి నీకు తప్ప ఎవరికీ అర్హత లేదు." ఇది పచ్చి అబద్ధం. సోమవారం రాత్రి దాకా ఆ అర్హత నాకే ఉందని నమ్మాను. ఆ నమ్మకాన్ని వారం పాటు పక్క సీట్లోంచి విన్నది ఆవిడే. పోటీపడ్డవాడు మరీ పొగిడితే పొగడ్త నిలవదు, కింద ఉన్న మంట కనబడుతుంది.

మూడోది హాస్యం. "కంగ్రాట్స్ మేడమ్! ఇక మమ్మల్ని కాస్త కనిపెట్టి ఉండండి." నిన్నటిదాకా "నువ్వు", ఇవాళ "మేడమ్". పైకి సరదా, లోపల ముల్లు. నవ్వితే అప్పుడే పదవి తలకెక్కిందంటారు, నవ్వకపోతే హాస్యం తెలీదంటారు. ఎటు తిరిగినా గుచ్చుకునేది ఆవిడకే. అదీ పోయింది. ("లక్కీ" అన్న మాట కూడా ఒకసారి వేళ్ల దాకా వచ్చింది. రాసుంటే ఆరేళ్ల పనిని లాటరీ టిక్కెట్టు చేసినవాణ్ణయ్యేవాణ్ణి.)

మీకు కోపం రాకుంటే ఒక మాట. అప్పుడు మిమ్మల్ని మూసేసి, రెండంతస్తులు కిందికి దిగి ఎక్కాను. ఎక్కుతూ నన్ను నేనే అడిగాను, ఆవిడ పనిలో నేను నిజంగా, ఒప్పుకోవడానికి ఇష్టం లేకపోయినా, మెచ్చుకున్నది ఏమిటని. పొగడాలనుకుంటే గుర్తుకు రాలేదు గానీ, నాకు ఎప్పుడు ఒళ్లు మండిందో ఆలోచిస్తే వెంటనే దొరికింది. ఏడాది చివరి లెక్కలప్పుడు ఒక కస్టమర్‌కి బిల్లులు ఎక్కువ మొత్తంతో వెళ్లాయి. వాళ్లింకా గమనించలేదు. వచ్చే నెల బిల్లులో చప్పుడు లేకుండా సర్దేద్దాం అన్నది నేను. ఫోన్ తీసి "తప్పు మాదే" అని చెప్పింది ఆవిడ. అరగంట తిట్లు తిన్నది కూడా ఆవిడే. ఆ తర్వాత ఏ సమస్య వచ్చినా వాళ్లు ఆవిడ పేరే అడగడం మొదలుపెట్టారు. అప్పట్లో అది నాకు నచ్చలేదు.

కాబట్టి ఇలా రాశాను: "అభినందనలు. ఆ బిల్లుల తప్పు దొరికినప్పుడు నువ్వే ముందు ఫోన్ చేసి చెప్పావు చూడు, నేనైతే చెప్పేవాణ్ణి కాదు. నువ్వు లీడ్‌గా ఉంటే టీమ్‌కి మంచిదని ఆ రోజే అనుకోవాల్సింది, ఇవాళ అనుకుంటున్నాను."

అంతే. నా ఇంటర్వ్యూ ఊసు లేదు. ఆవిడకి తెలియనిదీ కాదు. నేనైతే చేసేవాణ్ణి కాదని ఒప్పుకున్న పని ఒకటి ఉంది కాబట్టి ఎవరైనా పంపగలిగే మాటలా అనిపించదు. పంపింది సాయంత్రం నాలుగింటికి. ఇంకా ముందు పంపుంటే చేతులు వణికేవి, మర్నాటికి వాయిదా వేసుంటే ఆ ఆలస్యాన్నే నా జవాబుగా చదువుకునేవాళ్లు. పంపింది మీ ద్వారా కాదు, అందరికీ థాంక్స్ అంటూ ఆవిడ పెట్టిన మెయిల్‌కి, మీ తమ్ముడు మామూలు రిప్లై ద్వారా. మీరిద్దరూ వేలెడు దూరంలో కూర్చుంటారు కదా, ఎవరిని నొక్కబోతున్నానో మూడుసార్లు చూసుకున్నాను. ఆ మంగళవారం మొత్తంలో నేను పడ్డ అసలు టెన్షన్ అదే.

పది నిమిషాలకి ఆవిడే నా కుర్చీ దగ్గరికొచ్చింది. థాంక్స్ చెప్పి, కాసేపు ఆగి, "నీకు ఎలా ఉంది?" అంది. "నాకు అసలు ఆ పోస్టు మీద పెద్ద ఆసక్తి లేదులే" అన్న మాట నోటిదాకా వచ్చింది. అందని ద్రాక్ష పుల్లన అన్నట్టు ఉండేది. పైగా ఆవిడ గెలుచుకున్నది పుల్లటి ద్రాక్షేనని ఆవిడ మొహం మీదే చెప్పినట్టయ్యేది. "కొంచెం బాధగానే ఉంది. అది నీ మీద కాదు, రెండు రోజుల్లో సర్దుకుంటా" అన్నాను. అడిగింది కాబట్టి ఆ ఒక్క మాట. అడక్కపోతే అదీ అనేవాణ్ణి కాదు.

"ఇంటర్వ్యూలో నిన్నేం అడిగారు?" అని మాత్రం అడగలేదు. నాకెందుకు రాలేదన్న ప్రశ్న ఉంది, అది పెద్దసారు ముందు వేయాల్సింది. వచ్చే వారం అరగంట సమయం అడిగాను. ఎంపికలో ఏదైనా తేడా జరిగిందనిపించినా దానికి జవాబు చెప్పాల్సింది ఆయనే. ఆ గదిలో బల్లకి అవతలివైపు కూర్చున్నది ఆవిడ కాదు కదా.

ఇక మీ సంగతి. మీ హాజరు పట్టీలో నా పేరు లేకపోతే అదీ ఒక వార్త అవుతుంది. అందుకని అయిదింటికి మీ దగ్గరికీ వచ్చాను, వరసలో 27వ వాడిగా. ఆవిడ పేరు, పక్కన "అభినందనలు", ఒక్క చుక్క. ఆశ్చర్యార్థకం పెట్టలేదు. పేరులో అక్షరం మాత్రం సరిచూసుకున్నాను.

ఇట్లు,
పక్క సీటువాడు