నీలి లేజరు పెన్ను దేన్ని నిరూపిస్తుంది?

"కళ్లజోడు కొనేవాళ్లందరూ చదవండి! ఫోను, కంప్యూటర్ నుంచి వచ్చే నీలి కాంతి కంటి లోపలి పొరను కాల్చేస్తుంది. బ్లూ కట్ కోటింగ్ లేని అద్దాలు వాడకండి. షాపులో నీలి లేజరు కొట్టి చూపిస్తారు, కాంతి అవతలికి రాకపోతే అదే అసలైన లెన్స్. ఫ్రేము అయస్కాంతానికి అంటకపోతే అది టైటానియం, ధైర్యంగా కొనండి. కంప్యూటర్‌తో కళ్లు పరీక్షించి పావుగంటలో అద్దాలు చేతిలో పెట్టే షాపునే నమ్మండి. పది మందికి పంపండి."

ముందు లేజరు సంగతి చూద్దాం. ఈ సందేశాన్ని జనం నమ్మేది ఆ ప్రదర్శనను కళ్లారా చూశారు కాబట్టే. దుకాణాల్లో సాధారణంగా వాడే పెన్ను కాంతి తరంగదైర్ఘ్యం 405 నానోమీటర్లు. నిజానికి అది నీలం కూడా కాదు, అతినీలలోహితానికి ఆనుకుని ఉండే ఊదా. ఫోను, కంప్యూటర్ తెరల నుంచి నీలం ఎక్కువగా వెలువడేది 450 నానోమీటర్ల చుట్టుపక్కల. 405 దగ్గర వాటి నుంచి వచ్చేది దాదాపు శూన్యం. బ్లూ కట్ లెన్స్‌లో కలిపే పదార్థం 420 నానోమీటర్ల దాకా కాంతిని బాగా పీల్చుకుంటుంది, ఆ పైన దాని పట్టు త్వరగా సడలిపోతుంది. అందుకే పెన్ను కాంతి ఆగిపోతుంది, తెర కాంతిలో ఎక్కువ భాగం మాత్రం కంట్లోకి వస్తూనే ఉంటుంది. తెర నీలాన్ని నిజంగా ఆపే అద్దమైతే పచ్చకామెర్లవాడి లోకంలా అంతా పసుపుగా కనిపించాలి, అలాంటిది ఎవరూ కొనరు.

కంటి పొర కాలిపోవడం గురించి: పగటిపూట ఆరుబయట నిలబడితే కంట్లోకి వచ్చే నీలి కాంతి ముందు ఫోను తెర నుంచి వచ్చేది చాలా స్వల్పం. వైద్య పరిశోధనలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ 2023లో 17 ప్రయోగాలను పరిశీలించింది. మామూలు అద్దాలతో పోలిస్తే ఈ అద్దాలు కంప్యూటర్ పని వల్ల కలిగే కంటి అలసటను తగ్గించకపోవచ్చని తేల్చింది. రెటీనాకు రక్షణ ఇస్తాయని చెప్పడానికి ఆధారమే దొరకలేదు. అంతకుముందే, 2017లో, ఈ అద్దాల ప్రకటన జనాన్ని తప్పుదారి పట్టించిందని బ్రిటన్‌లో బూట్స్ ఆప్టిషియన్స్‌కు అక్కడి జనరల్ ఆప్టికల్ కౌన్సిల్ 40,000 పౌండ్ల జరిమానా వేసింది. సాయంత్రానికి కళ్లు మండడానికి ఎక్కువగా కారణమయ్యేవి వేరు: తెర చూస్తూ రెప్ప వేయడం తగ్గి కన్ను పొడిబారడం, పవర్ సరిగ్గా లేకపోవడం, నలభై దాటాక దగ్గరి చూపుకు అద్దం పెట్టుకోకపోవడం.

మరి ఏ కోటింగుకు డబ్బు పెట్టాలి? గీతల నుంచి కాపాడే గట్టి పూత, దాని మీద కాంతి ప్రతిఫలించకుండా చేసే ఏఆర్ పూత. మామూలు ప్లాస్టిక్ లెన్స్ ఒక్కో ముఖం మీద సుమారు 4 శాతం కాంతి వెనక్కి పోతుంది. పల్చగా ఉంటుందని అమ్మే 1.67 రకంలో అది 6 శాతం దాటుతుంది. అంటే లెన్స్ పల్చనయ్యేకొద్దీ ఏఆర్ అవసరం పెరుగుతుంది. రాత్రి ఎదురుగా వచ్చే లారీ లైట్లు అద్దంలో రెండు మూడుగా కనిపిస్తే లోపం అక్కడే ఉండొచ్చు. దీన్ని పరీక్షించడానికి పెన్నూ వద్దు, యంత్రమూ వద్దు. లెన్స్‌ను ట్యూబ్‌లైట్ కింద వాల్చి చూడండి. పూత లేని అద్దంలో లైటు తెల్లగా, స్పష్టంగా ప్రతిబింబిస్తుంది. పూత ఉంటే మసకగా, ఆకుపచ్చగానో ఊదాగానో కనిపిస్తుంది. ఈ పూతకు శత్రువు వేడి. మన మే నెల ఎండలో కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే ప్లాస్టిక్ సాగినంతగా పూత సాగలేక సన్నని పగుళ్లు వేస్తుంది. ఒకసారి పగిలాక బాగుచేసే దారి లేదు. ఇక బ్లూ కట్ అదనపు ధర లేకుండా కలిసి వస్తే తీసుకోవచ్చు, దానికోసం విడిగా చెల్లించనక్కర్లేదు.

అయస్కాంతం పరీక్ష గురించి రెండు ముక్కలు చాలు. టైటానియం అంటదు, నిజమే. అల్యూమినియమూ అంటదు, కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలూ అంటదు, చవక ఫ్రేముల్లో వాడే నికెల్ సిల్వర్ కూడా సాధారణంగా అంటదు. చెమట పట్టే మన వాతావరణంలో చెవుల వెనక ఎర్రబడి దురద పెట్టించేది ఆ నికెలే. నోస్ ప్యాడ్ల దగ్గర పచ్చటి చిలుము పేరుకుంటే ఆ లోహంలో రాగి ఉన్నట్టు. ఇంకో చిక్కు: ఎంత వంచినా మళ్లీ నిటారుగా వచ్చే 'మెమరీ' ఫ్రేములు టైటానియం పేరుతోనే అమ్ముడవుతాయి, కానీ ఆ మిశ్రమంలో దాదాపు సగం నికెలే. నికెల్ పడనివాళ్లు కాడ లోపలి వైపు టైటానియం అని ముద్ర ఉందా చూసుకుని, అదే మాట బిల్లు మీద రాయించుకోవాలి. లేదా టీఆర్-90, అసిటేట్ వంటి ప్లాస్టిక్ రకాలకు వెళ్లాలి.

ఆ ముద్ర పక్కనే ఫ్రేము కొలతలు చెప్పే 54□18 లాంటి అంకెలుంటాయి. లోహం కంటే అవే ముఖ్యం, దుకాణం నాణ్యత బయటపడేదీ వాటి దగ్గరే. పావుగంటలో అద్దాలు ఇవ్వడం తప్పేమీ కాదు, సాధారణ పవర్లు నిల్వలో ఉంటాయి. కంప్యూటర్ పరీక్ష కూడా మంచి ఆరంభమే, కానీ దానితోనే పవర్ ఖరారు చేయకూడదు. ఆ తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి, లెన్సులు మారుస్తూ "ఇది స్పష్టమా, అదా?" అని అడగాలి. పిల్లల విషయంలో యంత్రం మైనస్ ఎక్కువ చూపే ప్రమాదం ఉంది కాబట్టి డాక్టరు చుక్కల మందు వేసి చూడాలి.

అసలు తేడా లెన్స్ కేంద్రాన్ని కనుపాపకు ఎదురుగా తెచ్చే కొలతలో వస్తుంది. రెండు కళ్లకూ మైనస్ 6 పవర్ ఉన్న ఒక అమ్మాయిని తీసుకుందాం. ఆమె కనుపాపల మధ్య దూరం 60 మిల్లీమీటర్లు. ఎంచుకున్న ఫ్రేము 54□18. ఒక అద్దం వెడల్పు 54, ముక్కు మీది వంతెన 18, కలిపితే 72. అద్దాల నడిమి బిందువుల మధ్య దూరం ఇదే. కాబట్టి లెన్స్ కేంద్రాన్ని ఒక్కోవైపు 6 మిల్లీమీటర్లు లోపలికి జరిపి కోయాలి. కొలవకుండా అద్దం నడిమధ్యలో బిగించేస్తే ఒక్కో కంటికి 0.6 సెంటీమీటర్లు × 6, అంటే 3.6 ప్రిజం, రెండూ కలిసి 7.2. ప్రిజం అంటే లెన్స్ కాంతిని ఎంత పక్కకు వంచుతుందో చెప్పే కొలత. కళ్లు రెండూ బయటికి లాగితే తప్ప బొమ్మలు కలవవు. తలనొప్పి వస్తుంది. షాపువాడు "కొత్త అద్దాలు కదా, అలవాటవుతుంది" అంటాడు. అదే అమ్మాయి 46□18 తీసుకుంటే 64, జరపాల్సింది 2 మిల్లీమీటర్లే. అద్దం అంచు మందం కూడా తగ్గుతుంది, ఖరీదైన పల్చటి లెన్స్ అవసరం తగ్గుతుంది. ఈ మాట చెప్పి పెద్ద ఫ్రేము పక్కన పెట్టించే దుకాణం దొరికితే వదులుకోకండి.

అద్దాలు తీసుకునేటప్పుడు లెన్సోమీటర్ మీద పెట్టి పవర్ చూపమని, చుక్కలు వేయమని అడగండి. యంత్రం ఒక్కో లెన్స్ మీద మూడు సిరా చుక్కలు పెడుతుంది, నడిమి చుక్కే కేంద్రం. రెండు నడిమి చుక్కల మధ్య స్కేలు పెడితే చీటీలో ఉన్న దూరం రావాలి, ఈ అమ్మాయికైతే 60. దూరం, దగ్గర రెండూ ఒకే అద్దంలో కనిపించే ప్రోగ్రెసివ్ అయితే లెన్స్‌ను వెలుతురుకు పట్టి చూడండి. సాధారణంగా 34 మిల్లీమీటర్ల ఎడంలో రెండు సన్నని చెక్కుడు గుర్తులు, వాటి కింద ఒకవైపు దగ్గరి చూపు అదనపు పవర్, మరోవైపు కంపెనీ గుర్తు ఉంటాయి. వాటిని లెన్స్ వచ్చిన కవరుతో, బిల్లుతో సరిపోల్చండి. కవరు అడిగితే "పారేశాం" అనే చోట రెండోసారి కొనకండి.